టైటిల్ తెలుగు లిపిలోనా, ఇంగ్లీషు అక్షరాల్లోనా? మందార వీడియో దగ్గర ఇరుక్కుపోయాను

మిద్దెమీదమాలతి
బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. మా మిద్దె మీది కుండీల గురించి ఏడాదిగా యూట్యూబ్‌లో వీడియోలు పెడుతున్నాను. చూసేవాళ్ళలో ఎక్కువ మంది ఇక్కడి తెలుగువాళ్ళే. బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకుని, ఆకు పసుపు రంగుకు తిరిగితే కంగారుపడే బాపతు. నేనూ ఆ బాపతే.

మొదటి నుంచీ టైటిళ్ళన్నీ తెలుగు లిపిలోనే రాశాను. సంక్రాంతికి మా మరిది కొడుకు వచ్చాడు. "పెద్దమ్మా, ఈ రోజుల్లో తెలుగులో ఎవరు టైప్ చేస్తారు? అన్నీ ఇంగ్లీషు చేసేస్తాను" అని ఒక సాయంత్రం కూర్చుని ముప్ఫై వీడియోలకు ఏదో చేశాడు. మర్నాడు ఊరికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి చూసేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. "మందార మొక్కలో పిండినల్లి నివారణ" అన్న వీడియోకు రోజుకు అరవై దాకా వచ్చేవారు, ఇప్పుడు ఇరవై దాటడం లేదు. విచిత్రం ఏమిటంటే నా ఫోన్లో చూస్తే టైటిళ్ళు తెలుగులోనే ఉన్నాయి. వాడు ట్యాగులు మాత్రమే మార్చి ఉంటాడని అనుకుంటున్నాను.

ఇప్పుడు ఏం చేయాలి? తెలుగు లిపిలోనే ఉంచాలా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయాలా, రెండూ కలపాలా?

ట్యాగులసత్తి
టైటిల్ ఏ లిపిలో ఉన్నా ఏమీ కాదండీ. అది కంటికి కనిపించేది, అంతే. వెతుకులాట అంతా ట్యాగుల్లో ఉంటుంది. అక్కడ తెలుగు, ఇంగ్లీషు, కన్నడం అన్నీ వేసి పడేయండి. ఐదు వందల అక్షరాల దాకా పడతాయి. నేను ఒక్క అక్షరం కూడా ఖాళీ వదలను.

గోడమీదపిల్లి
సత్తిగారి ట్యాగుల పెట్టె మా అత్తగారి ఫ్రిజ్ లాంటిది. ఖాళీ ఉండదు, కావలసినది దొరకదు.

తేటతెలుగు
తెలుగు వీడియోకు తెలుగు టైటిల్. ఇందులో చర్చించడానికి ఏముంది? కలగాపులగం టైటిళ్ళు చూస్తే నాకు పెళ్ళి భోజనంలో పప్పు మీద ఐస్‌క్రీం వేసినట్టు ఉంటుంది. చదవగలిగినవాళ్ళే చూస్తారు, చదవలేనివాళ్ళు నేర్చుకుంటారు.

చెన్నపట్నంవాడు
తేటతెలుగు గారూ, "నేర్చుకుంటారు" అనడం సులువే. మాది చెన్నైలో మూడు తరాల తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది తమిళం, ఇంగ్లీషు. 2006 చట్టం తరవాత ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ పదో తరగతి దాకా వచ్చింది. భాషా మైనారిటీ బడులు మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరిగాయి, అది వేరే కథ. మా అమ్మాయికి గోంగూర పచ్చడి చేయడం వచ్చు, "గో" అక్షరం రాదు. ఆ పిల్ల మాలతిగారి టైటిల్ చూస్తే దానికి అవి బొమ్మలే. మాట వింటే మాత్రం ప్రతి ముక్కా అర్థమవుతుంది. అలాంటివాళ్ళను పోగొట్టుకుందామా?

హొసూరుబాబు
మా వైపు కథ వేరు. హొసూరులో ఉంటాను, రోజూ బెంగళూరుకు బస్సులో వస్తాను. మా అన్న పిల్లలు బెంగళూరులో కన్నడం చదువుకున్నారు. తెలుగు లిపి ఎవరూ నేర్పలేదు, అయినా కూడబలుక్కుని చదివేస్తారు. కన్నడ లిపీ మనదీ ఒకే తల్లి బిడ్డలు కదా. తలకట్టు దగ్గర కొంచెం తడబడతారు, "మందారం" మాత్రం తేలిగ్గా పట్టేస్తారు. చెన్నైవాళ్ళ కష్టం బెంగళూరులో అంత ఉండదు. మాలతిగారు బెంగళూరు వాళ్ళకోసం చేస్తున్నారు కాబట్టి తెలుగు లిపి మరీ అంత అడ్డం కాదని నా లెక్క.

మిద్దెమీదమాలతి
బాబుగారూ, అది నిజమే. మా పక్కింటి కన్నడ ఆవిడ నా టైటిళ్ళు అక్షరం అక్షరం కలుపుకుని చదివి నవ్వుతుంది.

పచ్చళ్ళపద్మ
నాదొక అనుభవం. మారతహళ్ళిలో ఇంటి దగ్గర పచ్చళ్ళు చేసి అమ్ముతాను, వాటి వీడియోలూ పెడతాను. టైటిల్ ఇంగ్లీషు అక్షరాల్లో, బొమ్మ మీద మాత్రం పెద్ద తెలుగు అక్షరాల్లో "గోంగూర". ఇలా రెండూ కుదిరాయి. ముందు బొమ్మ మీద రాసే తెలుగుతోనే గొడవ వచ్చింది. మా తమ్ముడు డీటీపీ సెంటరులో పాత ఫాంటుతో తయారుచేసిన అక్షరాలను కాపీ చేసి టైటిల్లో అతికించాను. అచ్చులో చక్కగా ఉన్న గోంగూర కాస్తా యూట్యూబ్‌లో ప్రశ్నార్థకాలు, డాలరు గుర్తుల పోగుగా మారింది. రెండు రోజులు అలాగే ఉంది. ఆ రెండు రోజుల్లోనూ ఇద్దరు ఆర్డర్ ఇచ్చారు, ఎలా దొరికిందో నాకిప్పటికీ తెలియదు.

గోడమీదపిల్లి
డాలరు గుర్తు చూసి అమెరికా పచ్చడి అనుకుని ఉంటారు.

అంకెలరాయుడు
మాలతిగారూ, లిపి సంగతి తరవాత. ముందు రెండు విషయాలు చెప్పండి.

ఒకటి, స్టూడియోలో ఆ మందార వీడియో తెరిచి Analytics లోకి వెళ్ళి Reach చూడండి. జనం ఎక్కడి నుంచి వస్తున్నారో అక్కడ ఉంటుంది. అందులో YouTube search ద్వారా వచ్చినవాళ్ళ వాటా ఎంత? దాని మీద నొక్కితే వాళ్ళు ఏ మాటలు టైప్ చేసి వచ్చారో జాబితా కనిపిస్తుంది. కనీసం మూడు నెలలది చూడండి, వారం రోజులది చూస్తే ఏమీ తేలదు.

రెండు, మీ ఫోన్లో కాకుండా పక్కింటివాళ్ళ ఫోన్లో అదే వీడియో తెరిచి టైటిల్ ఎలా కనిపిస్తోందో చూడండి. ముఖ్యంగా ఆ ఫోను భాష ఇంగ్లీషు అయి ఉండాలి. మీ మరిది కొడుకు ఏం చేశాడో నాకొక అనుమానం ఉంది, ఇప్పుడే చెప్పను.

సత్తిగారూ, ట్యాగుల గురించి మీరు చెప్పినది పదేళ్ళ నాటి మాట. ట్యాగుల పాత్ర చాలా తక్కువనీ, జనం తరచుగా తప్పు రాసే మాటలకే అవి పనికొస్తాయనీ యూట్యూబ్ సహాయం పేజీలోనే రాసి ఉంది. mandaram, mandharam, mandara ఇలాంటివి వేసుకోవచ్చు. ఇక ట్యాగుల మూటను వివరణ పెట్టెలో గుమ్మరించడం నియమాలకు విరుద్ధం, వీడియోనే తీసేయవచ్చు.

ట్యాగులసత్తి
వివరణలో నేనెప్పుడూ వేయలేదు. ఒకసారి వేశాను. ఇప్పుడే వెళ్ళి తీసేస్తాను.

తాతగారిరేడియో
మీరందరూ టైప్ చేయడం గురించే మాట్లాడుతున్నారు. నాకు డెబ్బై నాలుగేళ్ళు. నేను ఏ లిపిలోనూ టైప్ చేయను. మైకు బొమ్మ నొక్కి "మందారానికి తెల్ల పురుగు" అంటాను, వచ్చేస్తుంది. అసలు పుస్తకానికి పేరు పెట్టినట్టు ఇంత ఆలోచన దేనికి? మొన్న ఒక పుస్తకానికి పేరు పెట్టడానికి మా మిత్రుడు ఎనిమిది నెలలు తీసుకున్నాడు, చివరికి పబ్లిషరు మార్చేశాడు.

అంకెలరాయుడు
తాతగారూ, మీరు మాట్లాడిన తరవాత పైన వెతికే గడిలో ఆ మాట ఏ అక్షరాల్లో పడిందో ఒకసారి చూస్తారా?

తాతగారిరేడియో
చూశాను. ఇంగ్లీషు అక్షరాలు. mandaraniki tella purugu అని పడింది. నేను తెలుగులోనే కదా అన్నాను!

అంకెలరాయుడు
మీ ఫోన్లో మైకు భాష ఇంగ్లీషు-ఇండియా అని ఉండి ఉంటుంది. దాన్ని తెలుగుకు మారిస్తే అదే మాట తెలుగు లిపిలో పడుతుంది. దీనికి తిరగేసినదీ ఉంది. మా ఆవిడ ఇంగ్లీషు అక్షరాలు నొక్కుతుంది, కీబోర్డు దాన్ని వెంటనే తెలుగు చేసేస్తుంది. అంటే వేళ్ళు నొక్కేది ఒక లిపి, వెళ్ళేది ఇంకో లిపి. కాబట్టి "తెలుగులో ఎవరూ టైప్ చేయరు" అన్నది చూసి చెప్పిన మాట కాదు, ఊహించి చెప్పినది. మీ వీడియోకు ఏది వస్తోందో మీ జాబితాలోనే చూడాలి.

తాతగారిరేడియో
భాష మార్చాను. ఇప్పుడు తెలుగులో పడుతోంది. బాగుంది. మనవరాలు ఫోన్ చేస్తే మాత్రం దాని పేరు పలకడం లేదు.

మిద్దెమీదమాలతి
రాయుడుగారూ, చూశాను. మందార వీడియోకు వచ్చినవాళ్ళలో వెతికి వచ్చినవాళ్ళు నాలుగో వంతు. మిగతావాళ్ళు హోం పేజీలో చూసి, లేకపోతే ఇంకో వీడియో పక్కన చూసి వచ్చారు. వెతికిన మాటలు, ఎక్కువ నుంచి తక్కువకు:

```
mealybugs on hibiscus telugu
mandaram chettu tella purugu
మందారం తెల్ల పురుగు
hibiscus white insects
mandara mokka purugu
పిండినల్లి
```

ఇక రెండోది. పక్కింటి కన్నడ ఆవిడ ఫోన్లో, కింది ఇంటి నెల్లూరు వాళ్ళ ఫోన్లో తెరిచి చూశాను. నాకు తల తిరిగింది. ఇద్దరి ఫోన్లలోనూ నా టైటిల్ How to Get Rid of Mealybugs on Hibiscus Plant అని ఉంది! నా ఫోన్లో తెలుగు. ఒకే వీడియో. ఇది ఎలా?

అంకెలరాయుడు
నా అనుమానం అదే. అబ్బాయి టైటిల్ మార్చలేదు, అనువాదం జోడించాడు. స్టూడియోలో ప్రతి వీడియోకూ భాషల పేజీ ఒకటి ఉంటుంది. అక్కడ అసలు భాష తెలుగు అని ఉంటుంది, దాని కింద English వరుస చేర్చి ఇంగ్లీషు టైటిల్, వివరణ ఇవ్వవచ్చు. చూసేవాళ్ళ యాప్ ఏ భాషలో ఉంటే ఆ టైటిల్ కనిపిస్తుంది. మీ ఫోన్ తెలుగులో ఉంది కాబట్టి మీకు ఏ తేడా కనబడలేదు. బెంగళూరు తెలుగువాళ్ళ ఫోన్లు ఏ భాషలో ఉంటాయో మీకు వేరే చెప్పాలా? నెల్లూరు వాళ్ళు తెలుగు చక్కగా చదవగలరు, కానీ వాళ్ళ ఫోన్ ఇంగ్లీషు. వాళ్ళకు మీ తెలుగు టైటిల్ సంక్రాంతి నుంచి కనిపించడమే లేదు.

దాని వల్ల జరిగినది చూడండి. హోం పేజీలో ఇంగ్లీషు టైటిల్ చూసి తెలుగువాడు ఇది ఇంగ్లీషు వీడియో అనుకుని దాటిపోతాడు. తెలుగు రానివాడు నొక్కి, మీ గొంతు విని పది సెకన్లలో వెళ్ళిపోతాడు. రావలసినవాళ్ళు రారు, వచ్చినవాళ్ళు నిలవరు. ఎంతసేపు చూశారన్న గీత సంక్రాంతి తరవాత మొదటి అర నిమిషంలోనే నిటారుగా పడిపోతోందేమో చూడండి. అలా ఉంటే నేను చెప్పినదే కారణం.

మిద్దెమీదమాలతి
పడిపోతోంది. కొండ మీద నుంచి రాయి దొర్లినట్టు ఉంది.

గోడమీదపిల్లి
పాపం కుర్రాడు. పెద్దమ్మకు మేలు చేద్దామని పెద్దమ్మకే కనిపించని మేలు చేశాడు.

తేటతెలుగు
నేను మొదటే చెప్పాను. ఇంగ్లీషు వల్ల వచ్చిన చేటు ఇది.

చెన్నపట్నంవాడు
మీరు చెప్పినది తెలుగు లిపి ఒక్కటే ఉండాలని. రాయుడుగారు చెప్పినది ఇంగ్లీషు అనువాదం తప్పని. రెండూ ఒకటి కాదు. మా అమ్మాయికి ఇంగ్లీషు అనువాదమూ వద్దు, తెలుగు అక్షరాలూ వద్దు. దానికి కావలసినది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. "Mandaram mokka ki tella purugu" అని ఉంటే అది మన వీడియో అని తెలుస్తుంది, చదవడమూ వస్తుంది.

అంకెలరాయుడు
చెన్నపట్నం వారు సరిగ్గా మెలిక దగ్గరికి వచ్చారు. ఆ English గడిలో అచ్చ ఇంగ్లీషు వాక్యమే ఉండాలని ఏమీ లేదు. అనువాదాన్ని తీసేయవచ్చు, లేకపోతే అదే గడిలో Mandaram mokka ki tella purugu | Hibiscus mealybugs in Telugu అని పెట్టవచ్చు. తెలుగు ఫోన్ ఉన్నవాళ్ళకు తెలుగు లిపి, ఇంగ్లీషు ఫోన్ ఉన్నవాళ్ళకు ఇది. మాట తెలుగే, చివర Telugu అన్న ఒక్క ముక్క ఉంటే తెలుగు రానివాడు పొరపాటున రాడు.

అయితే ఇందులో నాకే ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు ఫోన్ వాడుతూ తెలుగు బాగా చదివే నెల్లూరు వాళ్ళ లాంటివారే ఇక్కడ ఎక్కువ. వాళ్ళ కంటికి తెలుగు అక్షరం ఆగినట్టు ఇంగ్లీషు అక్షరాల తెలుగు ఆగదు. దాన్ని చదవాలంటే లోపల పలుక్కోవాలి. కాబట్టి నేనైతే మొదటి విడతలో అనువాదం పూర్తిగా తీసేసి, ఒకే కలగలుపు టైటిల్ అందరికీ కనిపించేలా పెడతాను.

పచ్చళ్ళపద్మ
కలగలుపు అంటే ఎలా? ఒకే మాటను రెండు లిపుల్లోనూ రాయాలా? "మిద్దె తోట Midde Thota Terrace Garden" అని చాలామంది పెడతారు కదా.

అంకెలరాయుడు
అది ఇంటి ముందు మూడు భాషల బోర్డు పెట్టినట్టు. చదివేవాడికి ఒకే సంగతి మూడుసార్లు. ఫోన్లో టైటిల్ రెండు వరుసల తరవాత కోసేస్తుంది, ఆ రెండు వరుసల్లో వీడియోలో ఏముందో చెప్పే చోటే మిగలదు.

మాలతిగారి జాబితా మళ్ళీ చూడండి. అందులో నాకు లిపి కంటే ముందు మాటలు కనిపిస్తున్నాయి. "పిండినల్లి" అట్టడుగున ఉంది. అది వ్యవసాయ శాఖ కరపత్రంలో మాట. బాల్కనీలో మందారం ఉన్నవాడికి దాని పేరు తెలియదు, కంటికి కనిపించినది తెలుసు, తెల్లగా దూది అంటించినట్టు ఉంటుంది కాబట్టి "తెల్ల పురుగు" అంటాడు. లేకపోతే నర్సరీలో మందు సీసా మీద చదివి mealybugs అంటాడు. "నివారణ" ఒక్కరు కూడా టైప్ చేయలేదు. "మందార మొక్కలో పిండినల్లి నివారణ" ఏ లిపిలో రాసినా అదే ఇబ్బంది. Mandara mokkalo pindinalli nivarana అన్నా దొరకదు.

ఇక ఏ మాట ఏ లిపిలో? జనం తెలుగులో అనుకునే మాట తెలుగు లిపిలో, ఇంగ్లీషులో అనుకునే మాట ఇంగ్లీషు అక్షరాల్లో. మీ వీడియోకు ఇలా:

```
మందారానికి తెల్ల పురుగు పట్టిందా? Hibiscus mealybugs
```

మొదటి సగం హోం పేజీలో చూసేవాడి కంటికి, రెండో సగం వెతికేవాడికి. వెతికేవాళ్ళు నాలుగో వంతే అన్నారు కాబట్టి తెలుగును ముందు పెట్టాను. ముప్పావు వంతు వెతికి వచ్చే వీడియో అయితే తిప్పి పెట్టేవాణ్ణి.

హొసూరుబాబు
మరి mandaram chettu tella purugu అని ఇంగ్లీషు అక్షరాల్లో వెతికినవాడికి తెలుగు లిపి టైటిల్ దొరుకుతుందా? రెండు వేర్వేరు అక్షరాలు కదా.

అంకెలరాయుడు
చాలావరకు దొరుకుతుంది. బాగా వాడుకలో ఉన్న మాటలను రెండు లిపుల మధ్య అది కలుపుకుంటుంది. జాబితాలో రెండో వరుస చూడండి, టైటిల్ అంతా తెలుగు లిపిలో ఉన్నా ఆ మాటతో జనం వచ్చారు. అరుదైన మాటలకు, ఊరి మాటలకు ఆ పొత్తు కుదరదు. నా మాట నమ్మనక్కర్లేదు, ఎవరికి వారు చూసుకోవచ్చు. బ్రౌజరులో ప్రైవేటు విండో తెరవండి, లాగిన్ కాకండి. ఒకే మాటను రెండు లిపుల్లోనూ విడివిడిగా వెతికి, మొదటి పది వీడియోలూ పోల్చండి. అవే వస్తే ఆ మాటను రెండుసార్లు రాయడం దండగ. పూర్తిగా వేరేవి వస్తే రెండో రూపాన్ని వివరణ మొదటి వాక్యంలో మామూలుగా వాడండి.

మిద్దెమీదమాలతి
చేసి చూశాను. "మందారం తెల్ల పురుగు", mandaram tella purugu రెంటికీ పదిలో ఏడు వీడియోలు అవే. "పిండినల్లి", pindinalli అంటే మాత్రం రెండే కలిశాయి. ఇంగ్లీషు అక్షరాలతో వెతికితే పిండివంటలు కూడా వచ్చాయి.

గోడమీదపిల్లి
పురుగు కోసం వెళ్ళి అరిసెలతో తిరిగొచ్చారన్నమాట. నష్టం లేదు.

ట్యాగులసత్తి
ఒక సందేహం. టైటిల్‌కు వంద అక్షరాలే కదా పరిమితి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కపెడతారట. తెలుగులో రాస్తే రెండింతలు అయిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలే పొదుపు.

అంకెలరాయుడు
విడిగా లెక్కపెట్టడం నిజం, రెండింతలు నిజం కాదు. మీరే లెక్కపెట్టండి. "మొక్క"లో మ, ఒత్వం, క, పొల్లు, క, మొత్తం ఐదు. mokka కూడా ఐదే. "పిండినల్లి" పది, pindinalli పది. "మందారం" ఆరు, mandaram ఎనిమిది. మన మ, ర లోపల అకారం ఊరికే దొరుకుతుంది, ఇంగ్లీషులో దానికీ ఒక a కావాలి. నేను పైన ఇచ్చిన టైటిల్ అంతా కలిపి 52.

మీ మాటలో నిజం ఇంకో చోట ఉంది. తెలుగు అక్షరం అడ్డంగా వెడల్పు ఎక్కువ. వంద దాకా అనుమతి ఉన్నా ఫోన్లో కోత ముందే పడుతుంది. అందుకే ఇంగ్లీషు మాటలను మరీ చివరికి తోయకండి.

ట్యాగులసత్తి
వేళ్ళ మీద లెక్కపెట్టాను. "స్వచ్ఛమైన" దగ్గర మాత్రం మీరు ఓడిపోతారు.

అంకెలరాయుడు
స, పొల్లు, వ, చ, పొల్లు, ఛ, మ, ఐత్వం వేరు, న... తొమ్మిది. swachamaina అయితే పది దాటుతుంది. నేను ఓడిపోలేదు.

తేటతెలుగు
సరే. కలగలుపు ఎందుకో ఇప్పుడు కొంత అర్థమైంది, నచ్చలేదు. "మందారానికి తెల్ల పురుగు పట్టిందా?" అన్నది మంచి తెలుగు వాక్యం, దాని వరకు నాకు సంతోషం. తోకను మీరు ఉంచుకోండి. ఒక్కటి అడుగుతాను. అందరూ ఇలా ఇంగ్లీషు తోక తగిలిస్తూ పోతే "పిండినల్లి" అన్న మాట తెలిసినవాళ్ళు ఇక మిగులుతారా?

చెన్నపట్నంవాడు
వీడియోలో నోటితో చెప్పవచ్చు కదా. మా అమ్మాయి అలాగే నేర్చుకుంటుంది, చెవి ద్వారా.

మిద్దెమీదమాలతి
వీడియోలో చెప్పాను తేటతెలుగు గారూ, మొదటి నిమిషంలోనే. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు అని చెప్పేటప్పుడు "దీన్ని పిండినల్లి అంటారు" అన్నాను. వివరణలో కూడా ఆ మాట ఉంచుతాను.

హొసూరుబాబు
నాకు మందారం అన్న మాట మీదే అనుమానం. మా వైపు కొందరు దాసాని అంటారు. బెంగళూరు నర్సరీలో అడిగితే దాసవాళ అంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు dasavala అని వెతకరా?

అంకెలరాయుడు
మంచి ప్రశ్న. వెతికే గడిలో dasavala అని కొట్టి ఆగండి, ఎంటర్ నొక్కకండి. కింద వచ్చే సూచనలు జనం వెతికే మాటల నుంచి వచ్చేవే. వాటి చివర kannada అని ఉందా, telugu అని ఉందా చూడండి. తెలుగు జాడే లేకపోతే ఆ మాటతో వచ్చేవాళ్ళు కన్నడ వీడియో కోసం వస్తున్నట్టు. వాళ్ళు వచ్చి నిలవరు.

మిద్దెమీదమాలతి
ఇరవై రోజులు అయింది, చెబుతానని మాట ఇచ్చాను కాబట్టి చెబుతున్నాను. ముప్ఫై వీడియోల్లో పదిహేనింటికి అనువాదం తీసేసి కలగలుపు టైటిల్ పెట్టాను. చెన్నపట్నం వారి మాట కోసం ఎనిమిదింటికి English గడిలో ఇంగ్లీషు అక్షరాల తెలుగు పెట్టాను. మిగతా ఏడింటినీ పోల్చుకోవడానికి అలాగే వదిలేశాను.

మందార వీడియో మొదటి రకం. రోజుకు యాభై దాకా వస్తున్నారు, అర నిమిషం దగ్గర పడిపోవడం తగ్గింది. రెండో రకం వీడియోలు కూడా కోలుకున్నాయి, కానీ మొదటివాటి అంత కాదు. ముట్టుకోని ఏడూ అలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. కరివేపాకు వీడియో ఏమీ చేయకుండానే పెరిగింది.

అంకెలరాయుడు
తొందరపడి లెక్క తేల్చకండి. మార్చి వచ్చింది, ఎండలు ముదిరాయి. తెల్ల పురుగు ఇప్పుడే విజృంభిస్తుంది, దాని గురించి వెతికేవాళ్ళూ పెరుగుతారు. యాభైలో ఎంత టైటిల్ వల్ల, ఎంత ఎండ వల్ల అన్నది విడదీయలేం. ఎంతసేపు చూశారన్న గీత మాత్రం ఎండకు మారదు, దాన్నే నమ్మండి. రెండో రకం ఎనిమిదింటిలో పురుగుల వీడియోలు ఎన్ని?

మిద్దెమీదమాలతి
ఒక్కటే. మిగతావి కుండీ మట్టి, కొబ్బరి పొట్టు గురించి. అయితే ఆ పోలికా సరిగ్గా లేదన్నమాట.

అంకెలరాయుడు
లేదు. ఒకే రకం వీడియోలను రెండు భాగాలు చేసి మళ్ళీ చూడాలి.

చెన్నపట్నంవాడు
మా అమ్మాయి కుండీ మట్టి వీడియో చూసింది. పేరు చదివి తనే నొక్కింది. మీ లెక్కలో అది ఒకటి.

మిద్దెమీదమాలతి
మరిది కొడుకు ఫోన్ చేశాడు. జరిగినదంతా చెప్పాను. "పెద్దమ్మా, అయితే మిగతా వంద వీడియోలకు కూడా నేనే వచ్చి సరిచేస్తాను, ఉగాదికి సెలవులున్నాయి" అంటున్నాడు.

గోడమీదపిల్లి
పాస్‌వర్డ్ మార్చేయండి.

హొసూరుబాబు
dasavala కొట్టి చూశాను. ఎనిమిది సూచనల్లో ఏడు kannada, ఒకటి dasavala telugu meaning. ఆ ఒక్కడూ ఎవరో మా అన్న కొడుకే అయి ఉంటాడు.